షాపు లీజ్ డీడ్‌లో లాకిన్, అద్దె పెంపు, తిరిగి అప్పగింత: తరచుగా అడిగే ప్రశ్నలు

షాపు అద్దెకు తీసుకునేటప్పుడు అందరూ నెల అద్దె, అడ్వాన్స్ గురించే బేరమాడతారు. మిగతాదంతా "మామూలు ఫార్మాటే అండీ" అని ఓనర్ ఇచ్చిన కాగితాల మీద సంతకం పెట్టేస్తారు. గొడవలు మాత్రం ఆ మిగతాదాంట్లోంచే వస్తాయి. ఇక్కడ చెప్పేవన్నీ ఒకే ఊహాత్మక ఉదాహరణ మీద నడుస్తాయి. 400 చదరపు అడుగుల షాపు, నెలకు రూ.30,000 అద్దె, ఆరు నెలల అద్దె అంటే రూ.1,80,000 అడ్వాన్స్. లీజు ఆరేళ్లు, లాకిన్ అంటే లీజు మధ్యలో ముగించకూడని గడువు 36 నెలలు, ఏటా 5 శాతం పెంపు, ఖాళీ చేయాలంటే మూడు నెలల నోటీసు. మీ అంకెలు వేరైనా లెక్క వేసే పద్ధతి ఇదే.

డీడ్ పది పదిహేను పేజీలు ఉంది. ఎక్కడి నుంచి చదవాలి?

చివరి నుంచి. మీరు షాపు ఖాళీ చేసే రోజును ముందు ఊహించుకోండి. ఆ రోజు ఓనర్ మీ అడ్వాన్స్‌లోంచి ఏమేం కోసుకోవచ్చు అన్న ప్రశ్నతో కాగితం చదవండి. లాకిన్ ముగియకపోతే మిగిలిన నెలల అద్దె, పెంపు లెక్కలో తేడా ఉంటే పాత బకాయి, షాపు "యథాస్థితి"లో లేకపోతే రిపేర్ల ఖర్చు... ఈ మూడూ ఒకే అడ్వాన్స్ మీద వచ్చి పడతాయి. మూడు షరతులూ వేర్వేరు పేజీల్లో ఉంటాయి కాబట్టి విడివిడిగా చదివితే ఏదీ పెద్ద ప్రమాదంలా అనిపించదు.

లాకిన్ అంటే ఇద్దరికీ కట్టుబాటేనా?

కాగితంలో ఏం రాశారో దాన్ని బట్టి ఉంటుంది. లాకిన్ అన్న మాటకు చట్టంలో ప్రత్యేక నిర్వచనం లేదు. అది పూర్తిగా ఒప్పందంలోంచి వచ్చేది. "ఇరుపక్షాలూ 36 నెలల వరకు లీజు రద్దు చేయరాదు" అని ఉంటే ఇద్దరికీ వర్తిస్తుంది. "లెస్సీ 36 నెలల వరకు ఖాళీ చేయరాదు" అని మాత్రమే ఉంటే కట్టుబాటు మీ ఒక్కరికే. డీడ్ భాషలో లెస్సీ అంటే అద్దెదారు, లెస్సర్ అంటే ఓనర్. అప్పుడు రద్దు షరతు ఉన్న పేజీ తిప్పి చూడండి. "లెస్సర్ మూడు నెలల నోటీసుతో ఎప్పుడైనా రద్దు చేయవచ్చు" అన్న వాక్యం అక్కడ తీరిగ్గా కూర్చుని ఉండొచ్చు. మీరు లక్షలు పోసి ఇంటీరియర్ చేయించిన ఏడో నెలలో ఆయన నోటీసు ఇచ్చినా కాగితం ప్రకారం తప్పుండదు.

లాకిన్ నిజానికి వ్యాపారికి కూడా కావాల్సిన రక్షణే. ర్యాకులకీ, బోర్డుకీ పెట్టిన ఖర్చు రాబట్టుకునేదాకా ఎవరూ మిమ్మల్ని కదపకూడదు కదా. కాబట్టి లాకిన్ వద్దని పట్టుబట్టడం కంటే, అది ఇద్దరికీ సమానంగా రాయించుకోవడం మేలు. మీరు అద్దె ఎగ్గొడితే ఓనర్ రద్దు చేసుకునే మినహాయింపు ఎలాగూ పెడతారు, అది న్యాయమే. అయితే "ఒక్క రోజు ఆలస్యమైనా" అని కాకుండా, రాతపూర్వక నోటీసు ఇచ్చాక 15 లేదా 30 రోజుల గడువు ఉండాలని అడగండి.

36 నెలలు ఏ రోజు నుంచి లెక్క? నోటీసు ఎప్పుడివ్వాలి?

చాలామందికి ఇక్కడే దెబ్బ తగులుతుంది. తాళాలు ఏప్రిల్ 1న ఇచ్చారనుకోండి. ఇంటీరియర్ పనుల కోసం రెండు నెలలు అద్దె లేకుండా వదిలారు, అద్దె జూన్ 1 నుంచి మొదలు. లాకిన్ "అద్దె ప్రారంభ తేదీ నుంచి" అని ఉంటే తాళాలు తీసుకున్న రోజు నుంచి చూసినప్పుడు అది 38 నెలలు. దానికి తోడు "లాకిన్ ముగిసిన తర్వాత మూడు నెలల నోటీసు ఇచ్చి లెస్సీ ఖాళీ చేయవచ్చు" అని రాశారనుకోండి. అంటే నోటీసు లాకిన్ అయిపోయాకే ఇవ్వాలని ఓనర్ వాదిస్తారు. మొత్తం 41 నెలలైంది. ఆ చివరి మూడు నెలలకు నాలుగో ఏడాది అద్దె పడుతుంది. మన ఉదాహరణలో అది నెలకు దాదాపు రూ.34,729, మూడు నెలలకు లక్షా నాలుగు వేల పైనే.

దీనికి ఒక్క వాక్యం చాలు: "లాకిన్ కాలంలోనే నోటీసు ఇవ్వవచ్చు, నోటీసు గడువు లాకిన్ ముగిసే రోజుతోనే పూర్తయ్యేలా ఉండవచ్చు." దాంతో పాటు లాకిన్ మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ రెండూ అంకెల్లో రాయించండి. "36 నెలలు" అని మాత్రమే వదిలేయొద్దు.

వ్యాపారం నడవలేదు. 20వ నెల చివర ఖాళీ చేస్తే ఎంత కట్టాలి?

ముందు ఓనర్ వేసే లెక్క చూద్దాం. లాకిన్‌లో ఇంకా 16 నెలలు మిగిలాయి. 21 నుంచి 24వ నెల వరకు రెండో ఏడాది అద్దె రూ.31,500 చొప్పున నాలుగు నెలలకు రూ.1,26,000. 25 నుంచి 36వ నెల వరకు మూడో ఏడాది అద్దె రూ.33,075 చొప్పున పన్నెండు నెలలకు రూ.3,96,900. మొత్తం రూ.5,22,900. అడ్వాన్స్ రూ.1,80,000 జమ చేసుకుని, ఇంకా రూ.3,42,900 ఇవ్వమంటారు. కాగితంలో "మిగిలిన లాకిన్ కాలపు అద్దె మొత్తం చెల్లించాలి" అని ఉంటే ఆయన అడగడం ఆశ్చర్యమేమీ కాదు.

ఇప్పుడు మీ వైపు లెక్క. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 74 ప్రకారం ఒప్పందం ఉల్లంఘనకు ఇంత కట్టాలని ముందే రాసుకున్నా, కోర్టు ఇప్పించేది సహేతుకమైన పరిహారమే. రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి. సెక్షన్ 73 కింద ఉన్న వివరణ ప్రకారం, నష్టాన్ని తగ్గించుకోవడానికి అందుబాటులో ఉన్న దారులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కైలాష్‌నాథ్ అసోసియేట్స్, ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ మధ్య కేసులో 2015లో సుప్రీంకోర్టు, అసలు నష్టమే జరగని చోట ముందుగా కట్టిన సొమ్మును జప్తు చేసుకోవడం కుదరదని చెప్పింది.

దీన్ని మన షాపుకు అన్వయించండి. మీరు వెళ్లాక షాపు నాలుగు నెలలు ఖాళీగా ఉంది. 25వ నెల నుంచి వేరొకరు నెలకు రూ.32,000కు తీసుకున్నారు. ఓనర్‌కు జరిగిన నష్టం ఎంత? ఖాళీగా ఉన్న నాలుగు నెలలకు రూ.1,26,000. తర్వాత పన్నెండు నెలలు నెలకు రూ.1,075 తేడా, అది రూ.12,900. మొత్తం రూ.1,38,900, దీనికి కొత్తవారిని వెతకడానికి అయిన బ్రోకరేజీ కలపొచ్చు. ఈ లెక్కన అడ్వాన్స్‌లోంచి మీకే కొంత తిరిగి రావాలి.

ఈ రెండో లెక్కే తప్పకుండా నెగ్గుతుందని మాత్రం అనుకోవద్దు. వాణిజ్య లీజుల్లో లాకిన్ అద్దె మొత్తాన్ని ఇరుపక్షాలూ ముందే అంచనా వేసుకున్న నష్టంగా ఒప్పుకుని ఇప్పించిన తీర్పులూ ఉన్నాయి. పైగా అడ్వాన్స్ ఆయన చేతిలో ఉంటుంది, కోర్టుకు వెళ్లాల్సింది మీరు. అందుకే ఈ వాదనను ఖాళీ చేసేటప్పుడు రాజీ బేరానికి వాడుకోండి, దాని ధైర్యంతో సంతకం పెట్టకండి.

మరి సంతకం ముందు లాకిన్ షరతులో ఏం మార్పించుకోవాలి?

నా లెక్కలో మొదటిది పరిహారానికి పరిమితి. "మిగిలిన లాకిన్ అద్దె లేదా మూడు నెలల అద్దె, వీటిలో ఏది తక్కువైతే అది" అని అడగండి. ఓనర్ మూడుకు ఒప్పుకోకపోతే ఆరు దగ్గర ఆగొచ్చు. మన ఉదాహరణలో రెండో ఏడాది అద్దె మీద ఆరు నెలలన్నా రూ.1,89,000 అవుతుంది, ఐదు లక్షల ఇరవై రెండు వేల కంటే ఎంత నయమో చూడండి.

రెండోది, మీ బదులు వేరొకరిని తెచ్చే వీలు. మీరు తెచ్చిన వ్యక్తి అదే అద్దెకు, అవే షరతులకు ఒప్పుకుంటే మీ లాకిన్ బాధ్యత ఆ రోజుతో తీరిపోవాలి. ఓనర్‌కు నచ్చని వ్యాపారమైతే కాదనే హక్కు ఆయనకు ఇవ్వొచ్చు, కానీ "సహేతుక కారణం లేకుండా నిరాకరించరాదు" అన్న మాట ఉండాలి. ఈ షరతుకు ఓనర్లు పరిమితి కంటే సులువుగా ఒప్పుకుంటారు, ఎందుకంటే వాళ్ల అద్దె ఆగదు.

వరదొచ్చి షాపు మునిగినా, మున్సిపాలిటీ సీల్ వేసినా లాకిన్ ఉంటుందా?

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని సెక్షన్ 108(ఇ) కింద అగ్నిప్రమాదం, వరద లాంటి వాటి వల్ల ఆస్తిలో ముఖ్యభాగం పూర్తిగా నాశనమైనా, వాడుకకు శాశ్వతంగా పనికిరాకుండా పోయినా లీజు రద్దు చేసుకునే హక్కు అద్దెదారుకు ఉంది. ఆ నష్టం మీ తప్పు వల్ల జరగకూడదు. "శాశ్వతంగా" అన్న మాట గమనించండి. నెల రోజులు మూతపడితే ఈ సెక్షన్ ఆదుకోదు. కరోనా లాక్‌డౌన్ మీద 2020 మేలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది కూడా ఇదే: షాపు తాత్కాలికంగా వాడుకోలేకపోయినంత మాత్రాన ఈ సెక్షన్ వర్తించదు, ఒప్పందంలో అలాంటి షరతు ఉంటే దాని ప్రకారం నడుస్తుంది.

కాబట్టి షరతు రాయించుకోవాల్సింది మీరే. ఓనర్ వైపు లోపం వల్ల, అంటే భవనానికి అనుమతి లేకపోవడం, ఆస్తి పన్ను బకాయి, బ్యాంకు లోను కట్టకపోవడం లాంటి వాటివల్ల షాపు మూతపడితే అన్ని రోజులూ అద్దె ఆగాలి. అది 30 రోజులు దాటితే లాకిన్ లేకుండా వెళ్లిపోయే హక్కు ఉండాలి. రోడ్డు వెడల్పులో షాపు ముందు భాగం పోతే ఏమిటన్నది కూడా ఇక్కడే తేల్చుకోండి.

ఏటా 5 శాతం, మూడేళ్లకోసారి 15 శాతం. రెండూ ఒకటే కదా?

మూడు ఐదులు పదిహేను కాబట్టి ఒకటే అనిపిస్తుంది. ఆరేళ్ల లెక్క వేసి చూద్దాం. ఏటా 5 శాతమైతే అద్దె రూ.30,000, తర్వాత 31,500, 33,075, దాదాపు 34,729, 36,465, ఆరో ఏడాది 38,288. ఆరేళ్లలో కట్టేది సుమారు రూ.24,48,700. మూడేళ్లకోసారి 15 శాతమైతే మొదటి మూడేళ్లు రూ.30,000, తర్వాతి మూడేళ్లు రూ.34,500. మొత్తం రూ.23,22,000. తేడా దాదాపు లక్షా ఇరవై ఏడు వేలు.

తేడా ఎక్కువగా ఎక్కడి నుంచి వచ్చిందో గమనించండి. చక్రవడ్డీ పద్ధతి వల్ల వచ్చింది కొంచెమే. ఏటా 5 శాతాన్ని మొదటి అద్దె మీదే లెక్కించినా ఆరేళ్లకు రూ.24,30,000 అవుతుంది, అంటే చక్రవడ్డీ భారం పద్దెనిమిది వేల చిల్లరే. మిగతాదంతా పెంపు ముందుగా మొదలవడం వల్ల వచ్చిందే. కొత్త షాపుకు మొదటి రెండేళ్లే కష్టకాలం కాబట్టి శాతం మీద పోట్లాడే బదులు మొదటి పెంపును వెనక్కి జరిపించడం మీద బేరమాడండి.

పెంపు దేనిదేని మీద పడుతుంది?

అద్దె మీద మాత్రమే అని రాసి ఉండాలి. మెయింటెనెన్స్ చార్జీ విడిగా ఉంటే అది కూడా పెరుగుతుందా, ఎంత, ఎవరి నిర్ణయం అన్నది చూడండి. ఇంకో చిన్న వాక్యం కొన్ని డీడ్లలో కనిపిస్తుంది: "సెక్యూరిటీ డిపాజిట్ ఎల్లవేళలా అప్పటి ఆరు నెలల అద్దెకు సమానంగా ఉండాలి." అంటే అద్దె పెరిగిన ప్రతిసారీ అడ్వాన్స్ కూడా పెంచి కట్టాలి. మన ఉదాహరణలో ఏటా తొమ్మిది వేలతో మొదలై ఆ పైన పెరుగుతూ పోతుంది.

జీఎస్టీ గురించి రెండు మాటలు. వాణిజ్య అద్దె మీద జీఎస్టీ 18 శాతం. ఓనర్‌కు రిజిస్ట్రేషన్ ఉంటే ఆయన బిల్లులో వేస్తారు. ఓనర్‌కు లేకపోయినా మీకు రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఉంటే, 2024 అక్టోబరు 10 నుంచి రివర్స్ చార్జ్ కింద మీరే కట్టాలి. కాంపోజిషన్ స్కీములో ఉన్నవారిని 2025 జనవరి 16 నుంచి దీన్నుంచి తప్పించారు. అద్దె "జీఎస్టీతో కలిపి"నా, "అదనం"గానా అన్నది డీడ్‌లో స్పష్టంగా ఉండాలి. పెంపు శాతం జీఎస్టీ కలపని అద్దె మీదే లెక్కించాలని కూడా రాయించండి.

పెంపు తేదీ దాటిపోయింది, ఓనర్ అడగలేదు, నేను పాత అద్దే కడుతున్నాను. పర్వాలేదా?

అడగలేదు కదా అని మురిసిపోవద్దు. పెంపు దానంతటదే అమలయ్యేలా డీడ్ ఉంటే ఆ తేడా బకాయిగా పేరుకుంటుంది, ఖాళీ చేసే రోజు అడ్వాన్స్‌లోంచి వడ్డీతో సహా కోస్తారు. ఆయన నిజంగానే ఈ ఏడాది వదిలేస్తానంటే ఆ మాట వాట్సాప్‌లోనైనా రాయించి దాచుకోండి.

రిజిస్ట్రేషన్ ఖర్చు ఎందుకని స్టాంపు పేపర్ మీద రాసుకున్నాం. లాకిన్ చెల్లుతుందా?

ఏడాది దాటిన లీజు ఏదైనా రిజిస్టర్ చేయాల్సిందేనని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 107, రిజిస్ట్రేషన్ చట్టం, 1908 సెక్షన్ 17 చెబుతున్నాయి. చేయకపోతే ఆరేళ్ల గడువును నిరూపించడానికి ఆ కాగితం సాక్ష్యంగా పనికిరాదు. అద్దె కడుతూ షాపులో ఉన్నారు కాబట్టి మీది నెలవారీ అద్దె అవుతుంది. దాన్ని ఇద్దరిలో ఎవరైనా 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 చెప్పేది అదే.

అంటే లాకిన్ మిమ్మల్ని పట్టి ఉంచడం కష్టమే. అదే కారణంతో ఓనర్‌ను కూడా పట్టి ఉంచదు. షాపు మీద పెద్దగా ఖర్చు పెట్టనివారికి ఇది గిట్టుబాటయ్యే బేరం కావొచ్చు. మూడు లక్షలు పోసి ఫిటింగులు చేయించేవారు మాత్రం రిజిస్ట్రేషన్ ఖర్చు దగ్గర ఆదా చేసుకోవడం తెలివైన పని కాదని నా అభిప్రాయం.

"షాపును యథాస్థితిలో అప్పగించాలి" అంటే ఏ స్థితి?

షాపు మీ చేతికి వచ్చిన రోజున ఉన్న స్థితి. సెక్షన్ 108(ఎమ్) కింద కూడా అంతే. ఇచ్చినప్పుడు ఎంత బాగుందో అంత బాగా తిరిగి ఇవ్వాలి, సహజమైన అరుగుదలను, మన చేతిలో లేని విపత్తులను మినహాయించి. అంటే నడిచి నడిచి మెరుపు తగ్గిన టైల్స్, వెలిసిన రంగు మీ ఖాతాలోవి కావు. ర్యాకు బిగించడానికి పగలగొట్టిన టైల్ మీదే.

కానీ డీడ్‌లో వేరేగా రాసుకుంటే అదే చెల్లుతుంది. "సహజ అరుగుదల మినహా" అన్న మాటలు డీడ్‌లో ఎగిరిపోయి, "కొత్తగా రంగు వేయించి, ఫ్లోరింగ్ బాగుచేయించి, ఉత్తి గోడలుగా అప్పగించాలి" అన్నవి వచ్చి చేరతాయి. ఉత్తి గోడలు అంటే ఫాల్స్ సీలింగ్, పార్టిషన్, వైరింగ్ అన్నీ పీకేయాలి. మరి మీకిచ్చినప్పుడు పాత అద్దెదారు వదిలిన ఫాల్స్ సీలింగ్, గాజు తలుపు ఉన్నాయనుకోండి. వాటిని కూలీలు పెట్టి పీకించి, డెబ్రిస్ ట్రాక్టర్‌లో తోలించే ఖర్చు కూడా మీ మీదే పడుతుంది. మీరు పెట్టనిదానికి మీరు ఖర్చు పెట్టడమన్నమాట.

అందుకే తాళాలు తీసుకున్న రోజే, సామాను దించకముందే, షట్టర్ దగ్గర మొదలుపెట్టి ఒక వీడియో తీయండి. గోడల పగుళ్లు, తేమ మరకలు, స్విచ్‌బోర్డులు, మీటర్ రీడింగ్, బాత్రూమ్ కుళాయి, షట్టర్ తాళం పడే చోటు, అన్నీ రావాలి. ఏవి ఎన్ని ఉన్నాయో ఒక జాబితా రాసి, ఫొటోలతో డీడ్‌కు అనుబంధంగా పెట్టి, ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకం చేయండి. యథాస్థితి అన్న మాటకు ఈ అనుబంధమే అర్థం అని డీడ్‌లో ఒక లైను చేర్చండి.

నేను పెట్టిన ఏసీ, ర్యాకులు, గాజు తలుపు తీసుకెళ్లొచ్చా?

వేరే షరతు లేకపోతే తీసుకెళ్లొచ్చు. షాపు మీ చేతిలో ఉన్నంతవరకు, మీరు బిగించినవి ఊడదీసుకోవచ్చని, షాపును మీకిచ్చిన స్థితిలో వదలాలని సెక్షన్ 108(హెచ్) చెబుతోంది. తాళాలు ఇచ్చేశాక వచ్చి అడిగితే ఆ హక్కు నిలవడం కష్టం. "స్థిరంగా బిగించినవన్నీ లెస్సర్‌కు చెందుతాయి" అన్న షరతు ఉంటే మాత్రం ఏసీ, గాజు తలుపు దాని కింద పోతాయి. ఏవి మీవో పేర్లతో రాయించుకోండి.

రిపేర్ల పేరుతో అడ్వాన్స్ అంతా కోసేస్తే?

ఓనర్ ఒక కాంట్రాక్టర్‌తో తెల్లకాగితం మీద అంచనా రాయించి లక్ష కోశారు, రిపేర్ ఏమీ చేయించలేదు, షాపు అలాగే కొత్తవారికి ఇచ్చేశారు. ఇది వింటూనే ఉంటాం. దీనికి విరుగుడు డీడ్‌లోనే ఉండాలి. ఖాళీ చేయడానికి 30 రోజుల ముందు ఇద్దరూ కలిసి షాపు చూడాలి, లోపాలు అక్కడికక్కడే రాయాలి, వాటిని ముందుగా మీరే బాగుచేయించుకునే అవకాశం ఉండాలి. మీరు చేయించనివాటికే, అదీ బిల్లులు చూపించి, కోత వేయాలి. మిగిలిన అడ్వాన్స్ తాళాలు అప్పగించే రోజే, లేదా ఫలానా రోజుల్లోగా ఇవ్వాలి, దాటితే వడ్డీ కట్టాలి.

పని రోజులు కూడా లెక్కలో ఉంచుకోండి. గడువు ముగిసే రోజుకు పీకుడు, రంగులు పూర్తి కాకపోతే మీరు ఇంకా షాపులో ఉన్నట్టే లెక్క. గడువు దాటి ఉంటే రెట్టింపు అద్దె అన్న షరతు డీడ్‌లో ఉంటే పది రోజుల ఆలస్యం కూడా ఖరీదైన వ్యవహారమే. అందుకే అమ్మకాలు గడువుకు పది పదిహేను రోజుల ముందే ఆపేయాలి.

అంతా బాగుచేసి ఇస్తానన్నా ఓనర్ తాళాలు తీసుకోవట్లేదు. ఏం చేయాలి?

తాళాలు తీసుకుంటే అడ్వాన్స్ ఇవ్వాలి కాబట్టి "వచ్చే వారం చూద్దాం" అని సాగదీస్తుంటారు. ఆ వారాలకు అద్దె మీ లెక్కలో పడుతూ ఉంటుంది. ఒక్క రోజు కూడా ఆగకుండా రాతపూర్వకంగా తెలియజేయండి: ఫలానా తేదీకి షాపు ఖాళీ చేశాం, ఫలానా సమయానికి అక్కడ తాళాలు అప్పగించడానికి సిద్ధంగా ఉంటాం, రాకపోతే ఆ తేదీ నుంచి అద్దె బాధ్యత మాకు ఉండదు, అడ్వాన్స్ ఇంత రావాలి. దీన్ని అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చే పద్ధతిలో పోస్టు చేసి, అదే ప్రతిని వాట్సాప్‌లోనూ మెయిల్‌లోనూ పంపండి. చెప్పిన సమయానికి ఇద్దరు సాక్షులతో వెళ్లి ఖాళీ షాపును, మీటర్ రీడింగ్‌ను వీడియో తీయండి. ఆ తర్వాత షట్టర్ తెరిచి వ్యాపారం చేయడం, సామాను పెట్టడం లాంటివి చేయొద్దు. మీరు స్వాధీనం వదల్లేదని చెప్పడానికి ఆయనకు అదొక్కటి చాలు. అయినా కదలకపోతే వకీలు ద్వారా నోటీసు పంపండి, తాళాలు కూడా ఆ వకీలు చేతే ఓనర్‌కు రాతపూర్వకంగా అప్పగింపజేయవచ్చు.